క్లెయిమ్ పాసైంది, డబ్బు మాత్రం రాలేదు: నామినీ పేరు, బ్యాంకు ఖాతా పేరు కలవకపోతే

ప్రశ్న: నాన్నగారు ఈ మధ్యే పోయారు. ఆయన జీవిత బీమా పాలసీకి అమ్మ నామినీ. పాలసీలో అమ్మ పేరు పుట్టింటి ఇంటిపేరుతో సుంకర నాగమణి అని ఉంది. ఆధార్‌లోనూ బ్యాంకులోనూ వెలగా నాగమణి. పేర్లు మార్చి రాస్తున్నాను. కాగితాలన్నీ ఇచ్చాక ‘ఖాతాదారు పేరు పాలసీ రికార్డుతో సరిపోలనందున చెల్లింపు తిరస్కరించబడింది’ అని మెసేజ్ వచ్చింది. మేం ఇచ్చింది అమ్మానాన్నల జాయింట్ అకౌంట్. తెలిసినవాళ్లు ఆధార్‌లో పాత ఇంటిపేరు పెట్టించమంటున్నారు. ఏజెంటేమో నా ఖాతా ఇచ్చేయమంటున్నాడు. ఏది చేయాలి?

సమాధానం:

రెండూ చేయకండి. ఆధార్ జోలికి వెళ్లవద్దు, మీ ఖాతా నంబరూ ఇవ్వవద్దు. జీవిత బీమా క్లెయిముల విభాగంలో చాలా ఏళ్లు పనిచేసినవాడిగా చెబుతున్నాను, ఈ రెండు సలహాలూ ఇలాంటి ప్రతి ఇంట్లోనూ వినిపిస్తాయి. రెండింటి వల్లా పని ఇంకా ఆలస్యమవుతుంది.

ముందు ఆ మెసేజ్‌ని సరిగ్గా చదవండి. అందులో తిరస్కరించింది చెల్లింపును. క్లెయిమునే తిరస్కరిస్తే కంపెనీ కారణాలు రాసి ఉత్తరం పంపాలి, దాని కథ పూర్తిగా వేరు. మీకు వచ్చిన మెసేజ్‌కి మామూలుగా అర్థం ఏమిటంటే, క్లెయిముల విభాగం ఫైలు చూసి సరే అంది, డబ్బు పంపే విభాగం దగ్గర ఆగింది. ఈ సంగతి ఖాయం చేసుకోవడానికి బ్రాంచిలో ఒక్క ప్రశ్న అడగండి: ‘క్లెయిమ్ అప్రూవ్ అయిందా, ఏ తేదీన, ఎంత మొత్తానికి?’ తేదీ, మొత్తం చెప్పారంటే అమ్మగారికి రావలసింది ఎక్కడికీ పోలేదు. ఆ రెండూ రాసిపెట్టుకోండి, తర్వాత వడ్డీ అడగడానికి పనికొస్తాయి.

ఇక్కడ చాలామంది బ్యాంకుకి పరిగెత్తుతారు. ‘మీ బ్యాంకు తిప్పి పంపింది’ అని కౌంటర్లో చెబుతారు కాబట్టి. కానీ నెఫ్ట్‌లో డబ్బు సాధారణంగా ఖాతా నంబరు ఆధారంగానే జమ అవుతుంది. రిజర్వు బ్యాంకు నిబంధన కూడా అదే. అవతలి బ్యాంకు పేరు చూసి ఆపేది తక్కువ. పేరు చూసి ఆపేది ఎక్కువగా బీమా కంపెనీయే, అదీ డబ్బు పంపకముందే. తప్పుడు మనిషికి చెల్లిస్తే అసలు నామినీకి కంపెనీ మళ్లీ చెల్లించాలి కాబట్టి ఆ జాగ్రత్త వాళ్లకు తప్పదు.

ఆపే పద్ధతి ఇలా ఉంటుంది. మీరు ఇచ్చిన ఖాతాకి కంపెనీ ముందుగా ఒక్క రూపాయి పంపుతుంది. పెన్నీ డ్రాప్ అంటారు దాన్ని. రూపాయి జమ కాగానే బ్యాంకు కంప్యూటర్ నుంచి ఆ ఖాతాదారు పేరు ఇంగ్లిషు అక్షరాల్లో తిరిగి వస్తుంది. ఆ పేరునీ తమ రికార్డులో ఉన్న పేరునీ కంపెనీ సాఫ్ట్‌వేర్ అక్షరాలా పోల్చి ఎంత శాతం కలిసిందో లెక్క కడుతుంది. కంపెనీ పెట్టుకున్న హద్దు దాటితే డబ్బు వెళుతుంది, దాటకపోతే ఆగుతుంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మారుతుందని ఆ సాఫ్ట్‌వేర్‌కి తెలియదు. ఎస్. నాగమణి, సుంకర నాగమణి ఒకరేనని కూడా దానికి ఖాయంగా తెలియదు. మన పేర్లలో ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా, ఒకచోట ముందు, ఇంకోచోట చివర ఉంటుంది కదా, అందుకే తెలుగువాళ్ల ఫైళ్లలో ఈ తంటా ఎక్కువగా చూశాను.

మీ పాస్‌బుక్ ఫొటోస్టాట్ చూసి ఎవరూ ఆపలేదని దీన్నిబట్టి అర్థమవుతుంది. బ్యాంకు కంప్యూటర్ చెప్పిన పేరు చూసి ఆపారు. ఈ రెండూ ఒకటి కానక్కర్లేదు. మీరు ప్రశ్నలో చెప్పిన జాయింట్ అకౌంట్ సంగతి అందుకే ముఖ్యం. జాయింట్ అకౌంటులో బ్యాంకు సాధారణంగా తిప్పి చెప్పేది మొదటి ఖాతాదారు పేరు మాత్రమే. పాస్‌బుక్ మీద పైన నాన్నగారి పేరు, కింద అమ్మగారి పేరు ఉంటే కంపెనీకి తిరిగి వెళ్లింది నాన్నగారి పేరే అయి ఉండవచ్చు. అంటే పోయిన పాలసీదారు పేరు. సుంకర, వెలగా తేడా దాకా వెళ్లకముందే ఫైలు అక్కడ ఆగిపోయి ఉంటుంది. ఇంటిపేరు చిక్కు విప్పినా ఈ ఖాతాకి డబ్బు పడదు. భర్త పోయిన క్లెయిముల్లో చెల్లింపు ఆగిన ఫైలు నా దగ్గరికి వస్తే నేను మొదట చూసేది ఖాతాలో మొదటి పేరు ఎవరిదని. ఒక టీచరుగారి భార్య క్లెయిములో ఆవిడ పేరు మీద అఫిడవిట్ మీద అఫిడవిట్ ఇప్పించారు. ఎవరూ పాస్‌బుక్ మొదటి పేజీ తిప్పి చూడలేదు. మొదటి పేరు ఆయనదే.

దీన్ని మీరు ఇంట్లోనే సరిచూసుకోవచ్చు. 2025 ఏప్రిల్ 1 నాటికల్లా నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ వాడేవాళ్లకి డబ్బు పంపేముందు అవతలి ఖాతాదారు పేరు చూపించే సదుపాయం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది. మీ నెట్ బ్యాంకింగ్‌లో అమ్మగారి ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ కొట్టి కొత్త లబ్ధిదారుగా చేర్చబోతే పేరు కనిపిస్తుంది. కనిపించిన పేరుని స్పేసులతో సహా ఉన్నదున్నట్టు కాగితం మీద రాసుకోండి. బీమా కంపెనీకి కనిపించేది కూడా దాదాపు అదే. అది నాన్నగారి పేరైతే మొదటి ముడి ఏదో తేలిపోయినట్టే.

ఈ ముడి విప్పడం తేలిక. నాన్నగారి మరణ ధ్రువపత్రం ఇస్తే బ్యాంకు ఆయన పేరు తీసేసి ఖాతాని అమ్మగారి పేరున కొనసాగించగలదు. అయితే కొన్ని బ్రాంచీల్లో దీనికి టైము పడుతుంది. నన్నడిగితే ఈ క్లెయిము కోసం అమ్మగారి ఒక్కరి పేరు మీద కొత్త సేవింగ్స్ ఖాతా తెరవడం మేలు. పాత ఖాతా పని దాని పాటికి నడుస్తుంది. కొత్త ఖాతా ఆధార్‌లో ఉన్నట్టే VELAGA NAGAMANI అని తెరిపించండి. అదే ఊపులో పుట్టింటి పేరుతో తెరిపించే ప్రయత్నం చేయకండి. పాస్‌బుక్ చేతికొచ్చాక దాని మీద ముద్రించిన పేరు చూసి సరిపెట్టుకోకుండా కౌంటర్లో మనిషిని ‘స్క్రీన్ మీద పేరు ఎలా ఉందో ఒకసారి చూపించండి’ అని అడగండి. పేరు సగంలో తెగి ఉండటం, NAGA MANI అని విడిపోయి ఉండటం అక్కడే పట్టుకోవాలి. తర్వాత పాత పద్ధతిలోనే నెట్ బ్యాంకింగ్‌లో మళ్లీ సరిచూడండి.

ఇప్పుడు రెండో ముడి, ఇంటిపేరు. ఇక్కడ ఒక నియమం తెలియక చాలామంది దారి తప్పుతారు. నామినేషన్ మార్చే హక్కు పాలసీదారుది. బీమా చట్టం 1938లోని 39వ సెక్షన్ ప్రకారం పాలసీ సొమ్ము చెల్లించాల్సిన సమయం రాకముందు ఆయనే మార్చగలరు. ఆయన పోయాక రికార్డులోని నామినీ పేరుని ఇంకో పేరుగా దిద్దమని ఎవరు అడిగినా కంపెనీ దిద్దదు. ‘పేరు కరెక్షన్’ అని అర్జీ పెడితే ఫైలు తప్పు టేబుల్‌కి వెళ్లి తిరిగి వస్తుంది. మీరు అడగాల్సింది వేరు: రికార్డులో ఉన్న సుంకర నాగమణి, ఖాతాలో ఉన్న వెలగా నాగమణి ఒకే మనిషి అని కంపెనీ ఒప్పుకోవాలి, ఆ ఒప్పుకోలు మీద పేరు తేడాని మనిషే చూసి పాస్ చేయాలి. ఇలా చేతితో పాస్ చేసే అధికారం కంపెనీల్లో ఉంటుంది. దానికి ఫైల్లో ఆధారం కావాలి, అంతే.

ఆధారాలు ఎంచుకోవడంలోనే పని సగం అయిపోతుంది. కట్టలు కట్టలుగా కాగితాలు ఇవ్వడం వల్ల లాభం లేదు. మూడు ప్రశ్నలకు జవాబు దొరకాలి. సుంకర నాగమణి ఎవరు? వెలగా నాగమణి ఎవరు? ఈ రెండు పేర్లనీ కలిపే కాగితం ఏది?

మొదటిదానికి అమ్మగారి పదో తరగతి మెమో సరిపోతుంది. అందులో పుట్టింటి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఉంటాయి. రెండోదానికి ఆధార్. ఈ రెండింట్లో పుట్టిన తేదీ కలిస్తే అదే గట్టి సాక్ష్యం. పాలసీ తీసుకున్నప్పటి ప్రపోజల్ ఫారంలో నామినీ వయసు, సంబంధం రాసి ఉంటాయి. దాని కాపీ కంపెనీని అడిగి తీసుకోండి. సంబంధం ‘భార్య’ అని ఉండి, వయసు కూడా కలిస్తే అధికారికి ధైర్యం వస్తుంది.

మూడో కాగితమే అసలైనది, వంతెన లాంటిది. పెళ్లి రిజిస్టర్ చేసిన ధ్రువపత్రం ఉంటే చర్చ లేదు. వధువు పేరు, ఆమె తండ్రి పేరు, వరుడి పేరు ఒకే చోట ఉంటాయి. పెళ్లి తర్వాత పేరు మారిన మహిళ పాత పేరుతో ఉన్న గుర్తింపు కాగితాన్ని ప్రభుత్వం ఇచ్చిన వివాహ ధ్రువపత్రం జతచేస్తే బ్యాంకులు కేవైసీకి ఒప్పుకోవచ్చని రిజర్వు బ్యాంకు నిబంధనల్లోనే ఉంది. బీమా అధికారితో మాట్లాడేటప్పుడు ఈ సంగతి చెప్పండి, తర్కం ఒకటే.

పాత రోజుల్లో గుళ్లోనో కల్యాణ మండపంలోనో జరిగి రిజిస్టర్ కాని పెళ్లిళ్లు ఎన్నో. అలాంటప్పుడు ఇంట్లో పెట్టె వెతకండి. అమ్మగారికి పుట్టింటివారు పసుపు కుంకుమ కింద భూమో ఇంటి స్థలమో రాసిచ్చి ఉంటే ఆ రిజిస్టర్ దస్తావేజు చూడండి. ‘సుంకర ఫలానా గారి కుమార్తె, వెలగా ఫలానా గారి భార్య నాగమణి’ అని తండ్రి పేరు, భర్త పేరు ఒకే వాక్యంలో ఉండటం కద్దు. సబ్ రిజిస్ట్రార్ ముద్ర ఉన్న అలాంటి కాగితం ముందు అఫిడవిట్ వెలవెలబోతుంది. నాన్నగారు ఉద్యోగి అయితే సర్వీసు రిజిస్టర్లోని కుటుంబ వివరాల పేజీ కాపీ, లేకపోతే అమ్మగారి పాత పాస్‌పోర్ట్ కూడా పనికొస్తాయి. వీటితో పాటు తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకోండి. తెలంగాణలో మీసేవలో, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయంలో దరఖాస్తు పెట్టవచ్చు. అందులో నాన్నగారి భార్యగా అమ్మగారి పేరు ఒక్కటే ఉండటం ఆయనకి ఇంకో భార్య ఉందేమోనని కంపెనీ మనసులో ఉన్న పెద్ద అనుమానాన్ని తీరుస్తుంది.

అఫిడవిట్ వీటన్నిటి తర్వాతే. చాలామంది ముందే స్టాంపు పేపరు కొని నోటరీ దగ్గరికి వెళతారు, తర్వాత కంపెనీ తన నమూనాలోనే కావాలంటుంది. కంపెనీ నమూనా ఉందేమో ముందు అడగండి. లేదంటే సాధారణంగా 100 రూపాయల స్టాంపు పేపరు మీద రాయించి నోటరీ చేయిస్తే సరిపోతుంది. కొందరు పెద్ద మొత్తాలకు నష్టపరిహార బాండు కూడా అడుగుతారు. అఫిడవిట్‌లో ‘రెండు పేర్లూ నావే’ అని ఒక్క ముక్క రాస్తే చాలదు. ఏ కాగితంలో ఏ పేరు ఉందో చెప్పాలి. ఈ తీరులో రాయించండి:

‘నేను, వెలగా ఫలానా గారి భార్యను, సుంకర ఫలానా గారి కుమార్తెను. నా పదో తరగతి మెమోలో, ఫలానా నంబరు పాలసీలో నా పేరు SUNKARA NAGAMANI అని ఉంది. పెళ్లి తర్వాత నా ఆధార్, పాన్, ఫలానా నంబరు బ్యాంకు ఖాతాలో VELAGA NAGAMANI అని ఉంది. ఈ రెండు పేర్లూ నావే, ఈ ఇద్దరూ ఒకే వ్యక్తి. ఫలానా నంబరు పాలసీదారు నా భర్త. నేను ఆయన నామినీని.’

పేర్లు ఇంగ్లిషులో ఆయా కాగితాల మీద ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా రాయించాలి. పాలసీలో SUNKARA అని ఉంటే అఫిడవిట్‌లో SUNKARAA అని టైపు చేయించారంటే మూడో పేరు పుట్టినట్టే. నోటరీ దగ్గర సంతకం పెట్టేముందు పాలసీ బాండు పక్కన పెట్టుకుని చదవండి.

వీటన్నిటినీ చేతికిచ్చి ఊరుకోకుండా ఒక పేజీ ఉత్తరంతో ఇవ్వండి. ‘క్లెయిమ్ ఫలానా తేదీన అప్రూవ్ అయింది, పేరు తేడా కారణంగా చెల్లింపు ఆగింది. నామినీ, ఖాతాదారు ఒకరేనని ఆధారాలు జత చేశాం. కొత్త ఏకవ్యక్తి ఖాతాకి చెల్లించండి’ అని రాసి, రెండు విషయాలు రాతపూర్వకంగా అడగండి. బ్యాంకు నుంచి వాళ్లకు తిరిగి వచ్చిన పేరు ఏమిటి? డబ్బు పంపి ఉంటే యూటీఆర్ నంబరు, అంటే ఆ చెల్లింపుకి పడే గుర్తింపు నంబరు ఎంత? యూటీఆర్ ఇస్తే డబ్బు నిజంగా వెళ్లి తిరిగొచ్చిందని అర్థం, అప్పుడు బ్యాంకు దగ్గర కారణం కనుక్కోవచ్చు. యూటీఆర్ లేదంటే డబ్బు కంపెనీ గడప దాటలేదు. మీ కాపీ మీద ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి. కొత్త ఖాతాకి నెఫ్ట్ మాండేట్ ఫారం కొత్తగా నింపి ఇవ్వడం మరిచిపోవద్దు. పాత ఫారం సిస్టమ్‌లో ఉంటే రెండోసారి కూడా పాత ఖాతాకే పంపే ప్రమాదం ఉంది.

ఏజెంటు సలహా సంగతికి వస్తే, ఆయన చెడు ఉద్దేశంతో చెప్పి ఉండరు. కానీ నామినీ కాని మనిషి ఖాతాకి కంపెనీ చెల్లించదు, పేర్లు కలిసే అవకాశం ఇంకా తక్కువ. పైగా 2015 బీమా చట్ట సవరణ తర్వాత భర్త తన పాలసీకి భార్యని నామినీగా పెడితే ఆ సొమ్ము మీద హక్కు ఆమెదే. ఆమె సొమ్ము ఆమె ఖాతాలోనే పడాలి. ఆ తర్వాత ఎవరికి ఇచ్చుకోవాలో అమ్మగారే చూసుకుంటారు.

ఆధార్ మార్చడం మరీ ప్రమాదం. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లు మాత్రమే మార్చుకోనిస్తారు. ఇప్పుడు సుంకర అని మార్పిస్తే పాన్, రేషన్ కార్డు, పింఛను, పట్టాదారు పాస్‌బుక్ అన్నీ ఆధార్‌తో విడిపోతాయి. నాన్నగారి తరఫున రావాల్సిన మిగతా డబ్బుల కాగితాలన్నీ వెలగా పేరుతోనే నడుస్తాయి కదా. మూడు చోట్ల ఒక పేరు, ఒక్క చోట వేరే పేరు ఉన్నప్పుడు ఆ ఒక్కదానికే సంజాయిషీ ఇవ్వాలి. ఇక్కడ ఆ ఒక్కటి పాలసీ. ఒకవేళ ఆధార్, పాలసీ కలిసి బ్యాంకు ఖాతా ఒక్కటే వేరుగా ఉంటే అప్పుడు బ్యాంకులో దిద్దించాలి. ఇది అడ్డదారి సలహాలన్నిటికీ ముందు చూసుకోవాల్సిన లెక్క.

గడువుల మాటకొస్తే, విచారణ అవసరం లేని మరణ క్లెయిముని 15 రోజుల్లో, విచారణ అవసరమైతే 45 రోజుల్లో పరిష్కరించాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో చెప్పింది. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి 2 శాతం కలిపి వడ్డీ ఇవ్వాలి. అయితే మనం ఇచ్చిన ఖాతా సరిగా లేక ఆగిన రోజులకి కంపెనీ ఈ వడ్డీ ఇవ్వదలుచుకోదు. పాత 2017 నిబంధనల్లో మాత్రం, చెల్లింపుకి సిద్ధమైన క్లెయిము డబ్బు తీసుకునేవాళ్ల గుర్తింపు తేలక ఆగితే, ఆ సొమ్ముకి సేవింగ్స్ ఖాతా వడ్డీ రావాలని ఉండేది. అందుకే ఉత్తరంలో వడ్డీ కూడా అడిగి ఉంచండి. అప్రూవ్ అయిన తేదీ, మీరు పూర్తి ఆధారాలిచ్చిన తేదీ, ఈ రెండింటి మీదే ఆ లెక్క నడుస్తుంది.

ఆధారాలిచ్చాక కూడా కదలకపోతే కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి ఫిర్యాదు చేయండి. ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్ bimabharosa.irdai.gov.in లో నమోదు చేస్తే ఫిర్యాదు కంపెనీకే వెళుతుంది, కానీ నంబరు పడుతుంది. 155255 కి ఫోన్ చేసి కూడా నమోదు చేయించవచ్చు. కంపెనీకి రాసి నెల దాటినా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ కార్యాలయం కిందికే వస్తాయి. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. 50 లక్షల రూపాయల దాకా చూస్తారు, కంపెనీ తుది జవాబు వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. పేరు తేడా ఫైళ్లు అంత దూరం వెళ్లాల్సిన అవసరం చాలాసార్లు రాదు. వంతెన కాగితం, ఒంటరి ఖాతా, ముద్ర పడ్డ ఉత్తరం మూడూ ఉంటే బ్రాంచి స్థాయిలోనే తెమిలిపోతాయి.

ఒక్క సందర్భంలో మాత్రం ఈ దారి పనిచేయదు. నాగమణి అనే పేరుతో ఇంకొకరు నామినీని నేనే అంటూ వచ్చినా, కుటుంబంలో ఎవరైనా అభ్యంతరం రాసిచ్చినా అది పేరు తేడా కాదు, హక్కు తగాదా. కంపెనీ బీమా చట్టం 47వ సెక్షన్ కింద సొమ్ముని కోర్టులో జమ చేయవచ్చు. మీరు రాసినదాన్ని బట్టి మీకు ఆ టెన్షన్ లేదు.

రేపు ఉదయం చేయాల్సిన పని మాత్రం ఒకటే. ఆ జాయింట్ ఖాతా నంబరు మీ నెట్ బ్యాంకింగ్‌లో కొట్టి ఎవరి పేరు వస్తుందో చూడండి. వచ్చిన పేరు ఇక్కడ రాయండి, ఉత్తరంలో ఏం రాయాలో దాన్నిబట్టి చెబుతాను.